ఆరు బ్రాంచీలకు ఎన్ని పేజీలు?

రాజమండ్రిలో ఒక మిఠాయి కొట్టు ఉందనుకుందాం. తాత పెట్టాడు, తండ్రి పెంచాడు, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. రాజమండ్రిలో ఉన్న పెద్ద కొట్టు కాక కాకినాడ, అమలాపురం, విజయవాడ, గుంటూరు, హైదరాబాదులో కూకట్‌పల్లి, ఒక్కోచోట ఒక్కో బ్రాంచి. కాజా, పూతరేకులు, సున్నుండలు అన్నీ రాజమండ్రి వంటశాలలో తయారై వ్యానుల్లో మిగతా ఊళ్లకు వెళ్తాయి. కొట్టు నేను ఊహించిందే గానీ, ఆ ఇంట్లో నడిచే వాదన మాత్రం నాలుగైదు బ్రాంచీలున్న ఏ వ్యాపారిని అడిగినా చెబుతాడు.

కూకట్‌పల్లి మేనేజరు ఫోన్ చేస్తాడు. “సార్, మన బ్రాంచికి విడిగా ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టుకుంటాం. పెద్ద పేజీలో వచ్చేవన్నీ రాజమండ్రి సంగతులే, ఇక్కడివాళ్లకు పనికిరావట్లేదు” అంటాడు. పక్కనే కూర్చున్న తండ్రి, “పేరొకటే అయినప్పుడు పేజీలు ఆరెందుకురా? ఒకదాంట్లో కేజీ ఒక రేటు, ఇంకోదాంట్లో ఇంకో రేటు కనబడితే జనం ఏమనుకుంటారు?” అంటాడు. కొడుక్కి ఇద్దరి మాటా సబబుగానే తోస్తుంది. చిక్కల్లా, ఇద్దరూ అన్ని ఖాతాలనూ ఒకే గాటన కట్టి మాట్లాడటంలో ఉంది. గూగుల్ మ్యాప్‌లో కొట్టు వివరాలు, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ నంబరు, ఈ నాలుగింటి దగ్గరికీ జనం నాలుగు రకాల అవసరాలతో వస్తారు. కాబట్టి ఒక్కోదానికి ఒక్కో జవాబు చెప్పుకోవాలి.

మ్యాప్ దగ్గర వాదనకు తావు లేదు

ముందు తేలిగ్గా తేలిపోయేది చూద్దాం. కస్టమర్లు నడిచి వచ్చే ప్రతి కొట్టుకూ గూగుల్‌లో ఒక ప్రొఫైల్ ఉండాలి. ఒక కొట్టుకు ఒకటే ఉండాలి, రెండుండకూడదు. ఇది మన ఇష్టాయిష్టాలతో పనిలేని విషయం, గూగుల్ పెట్టిన నియమం. 2021 దాకా దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు, ఇప్పుడు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటున్నారు. “దగ్గర్లో స్వీట్ షాపు” అని ఎవరైనా వెతికితే ఏ కొట్టును పైన చూపించాలన్నది గూగుల్ ముఖ్యంగా మూడు సంగతులు చూసి తేలుస్తుంది: అడిగినదానికీ కొట్టుకూ ఎంత పొంతన ఉంది, కొట్టు ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. ఆరు కొట్లకూ కలిపి రాజమండ్రి చిరునామాతో ఒక్క ప్రొఫైల్ పెడితే, కూకట్‌పల్లిలో సాయంత్రం వెతికేవాడికి రెండో లెక్క దగ్గరే మన పేరు జారిపోతుంది. కూతవేటు దూరంలో మన బ్రాంచి ఉన్నా వాడు పక్కవాడి కొట్టుకు వెళ్తాడు.

బ్రాంచికో ప్రొఫైల్ పెట్టినవాళ్లు కూడా తప్పులు చేసేది వివరాల దగ్గరే. ఆరింటికీ పెద్ద కొట్టు ఫోన్ నంబరే ఇస్తారు. అమలాపురంలో కొట్టు తెరిచారా అని అడిగేవాడి కాల్ రాజమండ్రి గల్లాపెట్టె దగ్గర మోగుతుంది, అక్కడున్నాయనకు సంగతి తెలియదు. ఎవరి నంబరు వారికే ఉండాలి. వెబ్‌సైటు ఉంటే ఒక్కో బ్రాంచికి ఒక్కో పేజీ రాయించి, ప్రొఫైల్‌లో మొదటి పేజీ లింకు బదులు ఆ బ్రాంచి పేజీ లింకు ఇవ్వాలి. సంక్రాంతి నాడు, వినాయక చవితి నాడు వేళలు మారితే, ప్రత్యేక వేళలు పెట్టే చోట ఏ బ్రాంచిది ఆ బ్రాంచికే మార్చాలి. మ్యాప్‌లో ‘తెరిచి ఉంది’ అని చూసి వచ్చినవాడికి దించిన షట్టర్ కనబడితే, ఇంటికి వెళ్లేలోపే ఒక నక్షత్రం రివ్యూ పడుతుంది.

పేరు విషయంలో ఆశపడే వ్యాపారులు కొందరుంటారు. బోర్డు మీద ఉన్న పేరుకు ‘కూకట్‌పల్లి బెస్ట్ పూతరేకులు’ లాంటి తోకలు తగిలిస్తారు, వెతికినప్పుడు పైన కనబడుతుందని. బోర్డు మీద ఏముందో ప్రొఫైల్‌లోనూ అదే ఉండాలన్నది నియమం. పోటీవాళ్లు ఫిర్యాదు చేస్తే గూగుల్ ఆ పేరును సరిచేయవచ్చు, ప్రొఫైల్‌నే నిలిపివేయనూ వచ్చు. ఊరి పేరు చిరునామాలో ఎలాగూ ఉంటుంది.

ఇంకొకటి, బ్రాంచిని రెండు వీధుల అవతలికి మార్చినప్పుడు చాలామంది కొత్త ప్రొఫైల్ తెరుస్తారు. పాతదాంట్లోనే చిరునామా మార్చాలి. లేకపోతే ఏళ్ల తరబడి వచ్చిన రివ్యూలు పాత చిరునామా దగ్గర ఉండిపోతాయి, మ్యాప్‌లో రెండు కొట్లు కనబడతాయి, జనం ఖాళీ చేసిన మడిగకు వెళ్తారు.

పది, అంతకుమించి బ్రాంచీలున్న వ్యాపారాలు అన్నింటినీ ఒక్కసారిగా ధ్రువీకరించమని గూగుల్‌ను అడగవచ్చు. మన మిఠాయి కొట్టుకు ఆరే కాబట్టి ఒక్కోదాన్నీ విడిగా చేసుకోవాలి. ఇప్పుడు చాలావాటికి వీడియో అడుగుతున్నారు. వీధి, బోర్డు, లోపలి కౌంటరు కనబడాలి. కొట్టు మనదేనని తెలిసేలా తాళం తీయడమో, సిబ్బంది మాత్రమే వెళ్లేచోటికి వెళ్లడమో చూపించాలి. కోతలు, కలపడాలు లేకుండా ఒకే బిగిన తీయాలి.

ఇన్‌స్టాగ్రామ్ లెక్క వేరు

అసలు తగవు ఇక్కడే. మ్యాప్‌లోకి వచ్చేవాడు కొట్టుకు దారి వెతుక్కుంటూ వస్తాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో మనమే అతని ముందుకు వెళ్లాలి, వారం వారం వెళ్తూనే ఉండాలి. వారానికి మూడు పోస్టులన్నది పెద్ద కోరికేం కాదు. ఆరు పేజీలైతే వారానికి పద్దెనిమిది, నెలకు దాదాపు ఎనభై. ఎవరు తీస్తారు? ఏం తీస్తారు? పాకం పట్టడం, పూతరేకు రేకును కుండ మీద నుంచి తీయడం, కళ్లు అతుక్కుపోయే దృశ్యాలన్నీ రాజమండ్రి వంటశాలలోనే ఉన్నాయి. గుంటూరులో ఉన్నది ఒక అద్దాల బీరువా, వెనక ఇద్దరు కుర్రాళ్లు. మొదటి నెల బీరువాను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తారు. రెండో నెల పండగ శుభాకాంక్షల బొమ్మలు పెడతారు. మూడో నెల ఆగిపోతుంది. ఆ తర్వాత కొట్టు పేరు కొట్టి చూసినవాడికి, ఎప్పటిదో దసరా శుభాకాంక్షలే చివరి పోస్టుగా కనబడుతుంది. కొట్టు మూసేశారేమో అనుకుంటాడు. అసలు పేజీయే లేకపోతే ఆ అనుమానం వచ్చేది కాదు.

నేను ఒకే పేజీ వైపు మొగ్గడానికి ఇంకో గట్టి కారణం ఉంది. ఒకటి నుంచి ఆరుకు వెళ్లడం ఎప్పుడైనా అరగంట పని. ఆరు నుంచి ఒకటికి రావడం అలా కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు ఖాతాలను కలిపేసే వీలు లేదు. కాకినాడ పేజీని అనుసరిస్తున్న రెండు వేల మందిని పెద్ద పేజీకి తరలించలేం. వాళ్లే ఒక్కొక్కరుగా వచ్చి చేరాలి, చాలామంది రారు. ఫేస్‌బుక్‌లో ఒకే వ్యాపారానికి చెందిన, పేర్లు కలిసే పేజీలను విలీనం చేసే దారి ఒకటుంది గానీ అదీ అన్నిసార్లూ ఒప్పుకోదు. వెనక్కి రావడం కష్టమైన దారిలోకి ఆచితూచి దిగాలి.

మరి కూకట్‌పల్లి మేనేజరు మాట? దాన్ని కొట్టిపారేయకుండా తేల్చుకునే పద్ధతి ఒకటుంది. పెద్ద పేజీకి ఈమధ్య వచ్చిన నూరు కామెంట్లూ, మెసేజీలూ తీసి ఒక నోటుపుస్తకంలో మూడు వరసల్లో రాయాలి. మొదటి వరసలో, ఎవరు ఎక్కడి నుంచి అడిగినా జవాబు మారనివి: కేజీ ఎంత, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, బెంగళూరుకు కొరియర్ చేస్తారా. రెండో వరసలో, బ్రాంచిని బట్టి మారేవే కానీ ఒక్క ముక్కలో చెప్పేయగలిగినవి: గుంటూరు కొట్టు ఎక్కడ, ఈరోజు తెరిచారా, బెల్లం పూతరేకులు ఉన్నాయా. మూడో వరసలో, ఆ బ్రాంచి మనుషులతో, అక్కడ మాత్రమే జరిగే పనితో ముడిపడ్డవి.

మన కొట్టుకు మొదటి వరసలో యాభై అయిదు, రెండో వరసలో ముప్ఫై ఎనిమిది, మూడో వరసలో ఏడు తేలాయనుకుందాం. మొదటి వరసకు ఒక పేజీ చాలు. ఆరుచోట్ల ఆరుగురు ఒకే జవాబు రాస్తే, తండ్రి భయపడినట్టు రేట్లు కలవకుండా పోయేది అక్కడే. రెండో వరస చూసి చాలామంది బ్రాంచికో పేజీ కావాలనుకుంటారు. కానీ ఆ ముప్ఫై ఎనిమిది మందికీ కావలసింది చిరునామా, వేళలు, ఫోన్ నంబరు. అది మ్యాప్ ప్రొఫైల్ చేయాల్సిన పని. అవి సరిగా లేకనే జనం ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చి అడుగుతున్నారు. పెద్ద పేజీ పరిచయంలో బ్రాంచీల పేజీ లింకు, పైన హైలైట్లలో ఒక్కో ఊరికి ఒక్కో వలయం, అందులో కొట్టు ముందుభాగం ఫొటో, దారి గుర్తు, నంబరు పెడితే చాలావరకు తగ్గుతాయి. బ్రాంచికో ఇన్‌స్టాగ్రామ్ పేజీ అడిగేది మూడో వరస ఒక్కటే.

ఆ ఏడూ ఏమిటని చూస్తే అయిదు కూకట్‌పల్లివే. అక్కడ సాయంత్రం ఆరింటికి కొట్టు ముందు బాణలి పెట్టి వేడి జిలేబీ, మిరపకాయ బజ్జీ వేస్తున్నారు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నుంచి గృహప్రవేశాలకూ సీమంతాలకూ ఆర్డర్లు వస్తున్నాయి. ఇది రాజమండ్రిలో లేదు, అమలాపురంలో లేదు. రోజూ చూపించడానికి అక్కడ కొత్తగా ఒకటుంది, దాని కోసం అడిగేవాళ్లూ ఉన్నారు. కాబట్టి మేనేజరు చెప్పింది తన బ్రాంచి వరకు నిజమే. మిగతా నాలుగు బ్రాంచీలకు మాత్రం అది వర్తించదు.

వ్యాపారాన్ని బట్టి ఈ మూడో వరస పెరుగుతుంది, తరుగుతుంది. జిమ్, బ్యూటీ పార్లర్, డాన్స్ స్కూలు లాంటివాటిలో జనం వచ్చేది అక్కడి శిక్షకుడి కోసం, అక్కడి చేతివాటం కోసం. వాటికి బ్రాంచికో పేజీ చాలాసార్లు తగినదే. హైదరాబాదులో తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్‌కు సొంత ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంది. నిజాం కాలపు ప్యాలెస్ అది, ఆ భవనమే ఒక ఆకర్షణ, తాజ్ గ్రూపులో ఇంకో హోటల్‌తో దానికి పోలిక లేదు. ఏ బ్రాంచిలో తాగినా ఒకేలా ఉండాలన్నదే వ్యాపారసూత్రమైన స్టార్‌బక్స్ మన దేశానికంతటికీ ఒకే ఖాతాతో మాట్లాడుతుంది. మిఠాయి కొట్టు రెండోదానికి దగ్గర.

ఒకే పేజీ ఉన్నంత మాత్రాన గుంటూరు కొట్టు సంగతి అందరి నెత్తినా రుద్దనక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు పోస్టును ఒక్క ఊరివాళ్లకే చూపించమని చెప్పలేం గానీ, ప్రకటనకైతే చెప్పవచ్చు. గుంటూరు బ్రాంచి వార్షికోత్సవానికి తగ్గింపు ఇస్తుంటే, పెద్ద పేజీ పేరుతోనే ప్రకటన తయారుచేసి, కొట్టు చుట్టూ కొద్ది కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకు మాత్రమే వెళ్లేలా గీత గీసుకోవచ్చు. ఆ ప్రకటన సంగతి విశాఖలో కూర్చున్న అభిమానికి తెలియను కూడా తెలియదు. ఇక బ్రాంచిలో తీసిన ప్రతి ఫొటోకూ ఆ చోటు పేరు ట్యాగ్ చేయడం, రాతలో మొదటి మాటగా ఊరి పేరు వేయడం చిన్న పనులే, కానీ “ఇది ఏ బ్రాంచిలో అండీ?” అన్న ప్రశ్న సగానికి సగం తగ్గేది వాటితోనే.

ఫేస్‌బుక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఒక పెద్ద పేజీ కింద బ్రాంచీల పేజీలను అనుసంధానించే ఏర్పాటు అందులోనే ఉంది. బ్రాంచి పేజీ అక్కడ చిరునామాకూ, చెక్-ఇన్‌లకూ పనికొస్తుంది. రోజువారీ కబుర్లకు పెద్ద పేజీ ఉండనే ఉంది. వాట్సాప్‌లో మాత్రం బ్రాంచికో నంబరే మంచిది. ఆర్డరు చెప్పేవాడు సరుకు ఎక్కడ తీసుకుంటాడో అక్కడివాడితోనే మాట్లాడాలి. ఒక నంబరు ఒక ఫోన్‌లో, దానికి అదనంగా మరో నాలుగు పరికరాల దాకా పనిచేస్తుంది కాబట్టి కౌంటరులో ఇద్దరు కుర్రాళ్లు చూసుకోవచ్చు. ఆ సిమ్ మాత్రం కంపెనీ పేరు మీదే ఉండాలి.

తాళంచెవి ఎవరి దగ్గర?

పేజీలు ఒకటైనా ఆరైనా, యాజమాన్యం ఒకచోటే ఉండాలి. గొడవలు వచ్చేది ఎక్కువగా ఇక్కడే. గుంటూరు బ్రాంచి తెరిచినరోజు ఉత్సాహంగా ఒక కుర్రాడు తన సొంత జీమెయిల్‌తో గూగుల్ ప్రొఫైల్ తెరుస్తాడు. రెండేళ్లకు ఉద్యోగం మానేస్తాడు. తర్వాత ఫోన్ నంబరు మార్చాలంటే యజమానికి దారి ఉండదు. ఆ ప్రొఫైల్ మీద యాజమాన్య హక్కు కోరుతూ గూగుల్‌కు అభ్యర్థన పెట్టాలి. పాత కుర్రాడికి జవాబివ్వడానికి మూడు రోజుల గడువు ఉంటుంది. ఇవ్వకపోతే మనమే ధ్రువీకరించుకునే అవకాశం రావచ్చు. అది కూడా వస్తుందన్న హామీ లేదు.

బ్రిటన్‌లో హెచ్‌ఎంవీ అనే పాటల దుకాణాల గొలుసు దివాలా అంచున ఉన్నప్పుడు, 2013 జనవరి 31న ఉద్యోగులను తీసేస్తుంటే, ఆ తొలగింపుల సంగతిని కంపెనీ సొంత ట్విట్టర్ ఖాతాలోనే లోపలివాళ్లు ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోయారు. ట్విట్టర్‌ను ఎలా ఆపాలని మార్కెటింగ్ డైరెక్టరు అడుగుతున్నాడన్న సంగతి కూడా అందులోనే రాశారు. పెద్ద కంపెనీకే అలా అయినప్పుడు, ఒకే పాస్‌వర్డ్‌ను ఆరు ఊళ్లలో చీటీల మీద రాసి పంచే కొట్టు పరిస్థితి చెప్పేదేముంది?

పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకుండానే పని అప్పగించవచ్చు. గూగుల్‌లో యజమాని కంపెనీ మెయిల్‌తో ఉండి, బ్రాంచివాణ్ని మేనేజరుగా చేర్చుకోవచ్చు. మేనేజరు రివ్యూలకు జవాబులు రాస్తాడు, వేళలు మారుస్తాడు, ఫొటోలు పెడతాడు. ఇంకొకరిని చేర్చలేడు, తీసేయలేడు, ప్రొఫైల్‌ను చెరపలేడు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు మెటా బిజినెస్ ఖాతా ఒకటి తెరిచి, పేజీలన్నిటినీ దాని కింద పెట్టి, ఎవరి లాగిన్‌తో వారు వచ్చేలా చూడాలి. ఒకరికి మెసేజీలకు జవాబివ్వడం వరకే, ఇంకొకరికి పోస్టులు పెట్టడం కూడా. ఉద్యోగం మానిన రోజు సాయంత్రమే ఆ పేరు తీసేయాలి. జీతం లెక్క చూసేవాళ్ల పట్టికలోనే ఈ పని ఒక వరసగా రాసుకుంటే మరుపు రాదు.

ఫ్రాంచైజీ అయితే ఇంకా జాగ్రత్త పడాలి. విజయవాడ కొట్టు వేరేవాళ్లు పెట్టుబడి పెట్టి నడుపుతున్నారనుకోండి, పేజీ మీద హక్కు ఎవరిది? ఒప్పందం ముగిశాక ఆ ఖాతా పేరు, అనుసరించేవాళ్లు, వాట్సాప్ నంబరు ఎవరికి చెందుతాయి? ఇది పత్రం మీద సంతకాలకు ముందే తేలాలి. రేపు డల్లాస్‌లో ఒక తెలుగాయన ఇదే పేరుతో కొట్టు తెరిస్తే అక్కడికి విడి ఖాతా తప్పదు. డబ్బు వేరు, వేళలు వేరు, రాజమండ్రిలో ఉచిత డెలివరీ మాట వాళ్లకు చికాకే. యాజమాన్య హక్కు మాత్రం రాజమండ్రిలోనే ఉండాలి.

అన్నీ చూసుకున్నాక మన కొట్టుకు మిగిలేది ఇదీ: గూగుల్‌లో ఆరు ప్రొఫైళ్లు, వాట్సాప్‌లో ఆరు నంబర్లు, ఫేస్‌బుక్‌లో ఒక పేజీ కింద ఆరు చోట్లు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పెద్ద పేజీ. దానికి తోడు కూకట్‌పల్లికి మూడు నెలల గడువుతో ఒక ప్రయోగం. అక్కడ పేరుపెట్టి ఒక మనిషికే బాధ్యత ఇవ్వాలి. వారానికి రెండు పోస్టులు, వచ్చిన మెసేజీకి అదేరోజు జవాబు. ముఖ్యమైన పోస్టులను పెద్ద పేజీతో కలిపి, రెండుచోట్లా ఒకే పోస్టుగా కనబడేలా పెట్టాలి. అప్పుడు లైకులు చీలిపోవు. కొలవాల్సింది అనుసరించేవాళ్ల సంఖ్య కాదు, ఆర్డరు చెప్పేవాణ్ని “ఎక్కడ చూశారండీ?” అని అడిగి కౌంటరులో గీతలు గీసుకున్న కాగితమే కొలత. మూడు నెలల్లో ఆ గీతలు చేసిన శ్రమకు తగినన్ని లేకపోతే, జిలేబీ బాణలి వీడియోలు పెద్ద పేజీలోకే పంపితే సరిపోతుంది.

ఇప్పటికే ఎవరో ఎప్పుడో తెరిచి వదిలేసిన బ్రాంచి పేజీలుంటే వాటిని వెంటనే చెరిపేయకండి. ముందు లాగిన్ చేతికి తెచ్చుకోండి. పరిచయంలో “ఈ పేజీలో కొత్త సంగతులు రావు, మా పెద్ద పేజీ ఇదీ” అని రాసి, అదే మాటతో ఒక పోస్టును పైన పిన్ చేయండి. మెసేజీలకు అదే జవాబు దానంతటదే వెళ్లేలా పెట్టండి. ఖాతాను మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. వదిలేసిన పేరును ఇంకెవరో పట్టుకుని, మీ కొట్టు ఫొటోలు పెట్టి, పండగ ముందు అడ్వాన్సులు వసూలు చేస్తే, కస్టమర్లు వచ్చి నిలదీసేది మీ కౌంటరు దగ్గరే.